మెట్లు దిగే గీత

"ఇందులో రెండు గీతలున్నాయి సార్. పైది మంచిదా, కిందిది మంచిదా?"

ఎమ్మిగనూరు నుంచి ఫోన్ చేసిన ఒక యువకుడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాయన మగ్గం నేసిన మనిషి. నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యింది, కొన్నాళ్లకు జబ్బు తిరగబెట్టింది. మళ్లీ కోసే వీలు లేదన్నారు. బెంగళూరులో చదువుకుంటున్న చుట్టాలబ్బాయి ఎవరో ఒక వైద్య పత్రికలోని వ్యాసం ప్రింటు తీసి పంపాడు. అక్షరాలు అర్థం కాలేదు గానీ మధ్యలో ఉన్న బొమ్మ మాత్రం ఆ కుర్రాణ్ని పట్టుకుంది. "ఒక గీత పైనుంది కాబట్టి ఆ మందే వేయించాలి, అంతే కదా సార్?" అన్నాడు. ఆ తర్వాత ఒక్క క్షణం ఆగి, అసలు ప్రశ్న అడిగాడు: "ఎన్ని నెలలు ఎక్కువొస్తాయి?"

పై గీత మంచిదే. కానీ రెండో ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. ఈ వారం ఆ బొమ్మనే చదువుదాం.

ముందు ఆ అధ్యయనం సంగతి. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్లు తల, మెడ భాగాల్లో క్యాన్సర్ ముదిరిపోయిన 151 మందిని తీసుకున్నారు. నోరు, నాలుక, గొంతు క్యాన్సర్లు ఇందులోకే వస్తాయి. వీళ్లలో పూర్తిగా నయం చేయగలమన్న ఆశ ఎవరి విషయంలోనూ లేదు. ఎంత కాలం, ఎంత బాధ లేకుండా బతికించగలమన్నదే లెక్క. 75 మందికి మూడు రకాల మాత్రలు తక్కువ మోతాదులో ఎడతెగకుండా ఇచ్చారు. మిగతా 76 మందికి ఆ మాత్రలతో పాటు నివోలుమాబ్ అనే ఇంజెక్షన్‌ను మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు చొప్పున ఇచ్చారు. ఎవరు ఏ గుంపులో పడాలన్నది డాక్టర్ల ఇష్టం కాదు, చీటీ వేసినట్టు నిర్ణయించారు. నివోలుమాబ్ మామూలు మోతాదు రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు. ఆరు వారాలకు లెక్క వేస్తే అక్కడ 720, ఇక్కడ 40. అంటే పద్దెనిమిదో వంతు. పూర్తి మోతాదు కొనలేని దేశంలో కొంచెం మందైనా పని చేస్తుందా అన్నది వాళ్ల ప్రశ్న. ఫలితాలు 2023లో 'జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ'లో అచ్చయ్యాయి.

ఇక బొమ్మ. ఇలాంటి దాన్ని సర్వైవల్ కర్వ్ అంటారు, మనం మనుగడ గీత అనుకుందాం. అడ్డంగా కింద కనిపించేవి నెలలు. నిలువుగా ఎడమ పక్కన ఉండేది నూటికి ఎందరు బతికున్నారన్న లెక్క. గీత ఎప్పుడూ ఎడమవైపు పైమూల నుంచి, నూటికి నూరు దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి దిగడమే తప్ప ఎక్కడం ఉండదు. ఆదోనిలో రణమండల కొండ మెట్లు దిగేటప్పుడు మధ్యలో ఎక్కాల్సి రాదు కదా, అలాగే. ఎక్కడైనా పైకి లేచిన మనుగడ గీత కనిపిస్తే అది వేరే ఏదో గీత అన్నమాట.

గీత వంపుగా కాకుండా మెట్లు మెట్లుగా ఎందుకుంటుంది? చావు కబురు తెలిసిన రోజునే గీత దిగుతుంది గనక. మిగతా రోజుల్లో చదునుగా సాగిపోతుంది. ప్రతి మెట్టు వెనకా ఒక మనిషి, ఒక్కోసారి ఒకే రోజున పోయిన ఇద్దరు ముగ్గురు ఉంటారు.

మెట్టు ఎత్తు ఎంత ఉండాలన్నది కాస్త నిదానంగా చూడాలి. కిటుకంతా అక్కడే ఉంది. టాటా వాళ్ల 151 మందిని పక్కన పెట్టి, వేళ్ల మీద లెక్క పెట్టుకోవడానికి వీలుగా పది మందిని ఊహించుకుందాం. అందరూ ఆదోని చుట్టుపక్కల వాళ్లే, అందరికీ ఒకే వైద్యం.

రెండో నెలలో ఒకరు పోయారు. పదిమందిలో తొమ్మిది మంది మిగిలారు, గీత 90కి దిగింది. మూడో నెలలో మరొకరు. తొమ్మిదిమందిలో ఎనిమిది మంది మిగిలారు కాబట్టి 90ని తొమ్మిదితో భాగించి ఎనిమిదితో హెచ్చవేస్తే 80. ఇంతవరకు మామూలు లెక్కే.

నాలుగో నెలలో ఒకాయన ఇంటిల్లిపాదితో సుగ్గికి వెళ్లిపోయాడు. పడమటి కర్నూలులో పంటలు చేతికి రాని ఏడాది గుంటూరు మిరపకోతలకో, బెంగళూరు కట్టడం పనులకో కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని పోవడం మనకు కొత్త కాదు. ఆయన ఫోన్ నంబరు మారింది. బతికున్నాడా, లేడా? తెలియదు. నాలుగో నెల వరకు బతికే ఉన్నాడన్నది మాత్రం ఖాయంగా తెలుసు.

ఈ మనిషిని ఏం చేయాలి? చనిపోయాడని రాస్తే అబద్ధం. చివరిదాకా బతికున్నాడని రాసినా అబద్ధమే. అసలు లెక్కలోంచే తీసేద్దామంటే, నాలుగు నెలలు నికరంగా బతికిన సంగతిని కూడా పారేసినట్టవుతుంది. అందుకని గీతను దించకుండా, నాలుగో నెల దగ్గర దాని మీద చిన్న నిలువు గీటు పెడతారు. కొన్ని పత్రికల్లో కూడిక గుర్తులా ఉంటుంది. దీన్నే సెన్సారింగ్ అంటారు. సినిమా సెన్సార్‌కు దీనికీ సంబంధం లేదు గానీ పోలిక మాత్రం ఉంది. కత్తెర పడిన చోటు దాకా కథ మనకు తెలుసు, ఆ తర్వాత జరిగింది తెర మీద కనిపించదు.

గీటు పడినప్పుడు గీత కదలదు, కానీ లెక్కలో ఉన్నవాళ్లు ఒకరు తగ్గుతారు. ఎనిమిది మంది కాస్తా ఏడుగురయ్యారు. ఆరో నెలలో ఒకరు పోతే ఏడుగురిలో ఆరుగురు మిగిలినట్టు. 80ని ఏడుతో భాగించి ఆరుతో హెచ్చవేస్తే దాదాపు 68.6. గమనించారా? మొదటి రెండు మెట్లు పదేసి ఎత్తున్నాయి, ఈ మెట్టు పదకొండున్నర. ఏడో నెలలో మరొకరి ఆచూకీ పోయింది, ఇంకో గీటు. తొమ్మిదో నెలలో ఒక చావు: ఐదుగురిలో నలుగురు, గీత 54.9 దగ్గరకు వచ్చింది. పదో నెలలో మూడో గీటు. పన్నెండో నెలలో ఇంకొకరు: ముగ్గురిలో ఇద్దరు, గీత 36.6కు పడింది. ఈ చివరి మెట్టు ఎత్తు పద్దెనిమిది పైనే. రెండో నెలలో పోయిందీ ఒక్కరే, పన్నెండో నెలలో పోయిందీ ఒక్కరే. కానీ రెండో మెట్టు మొదటిదానికి దాదాపు రెట్టింపు ఎత్తు. కుడివైపుకు పోయేకొద్దీ ఒక్కో మనిషి మీద పడే బరువు పెరుగుతుంది. ఆఖర్లో గీత నిట్టనిలువునా పడిపోయిందని బెదిరిపోయే ముందు, అక్కడ ఎందరు మిగిలారో చూసుకోవాలి.

ఇదే పదిమందిని వేరే విధాలుగా లెక్కిస్తే ఏమవుతుందో చూడండి. ఆచూకీ లేని ముగ్గురూ పోయారనుకుంటే ఏడాది చివర నూటికి 20 మందే మిగిలినట్టు. ముగ్గురూ ఉన్నారనుకుంటే 50. వాళ్లను తీసేసి మిగతా ఏడుగురినే లెక్కిస్తే 28 చిల్లర. మెట్ల పద్ధతి ఇచ్చింది 36.6. ఆచూకీ లేనివారికీ, కళ్ల ముందు ఉన్నవారికీ ముందుముందు ఒకే రకం అదృష్టం ఉంటుందని నమ్మితే అదే సరైన లెక్క. ఆ 'నమ్మితే' అన్న మాట గుర్తుంచుకోండి, దానితో మనకు పనుంది.

ఈ పద్ధతిని 1958లో ఎడ్వర్డ్ కాప్లన్, పాల్ మయర్ అనే ఇద్దరు అమెరికన్లు ఒకే వ్యాసంగా ప్రచురించారు. తమాషా ఏమిటంటే ఇద్దరూ కలిసి పని చేసినవాళ్లు కారు. మయర్ ఆలోచించింది రోగుల గురించి. కాప్లన్ బెల్ ప్రయోగశాలల్లో ఉండి, సముద్రం అడుగున వేసే టెలిఫోన్ తీగల్లో వాడే వాక్యూమ్ ట్యూబులు ఎంత కాలం వెలుగుతాయన్న లెక్కలో ఉన్నాడు. ఇద్దరూ ఒకే పత్రికకు దాదాపు ఒకేలాంటి వ్యాసాలు పంపితే, రెండూ కలిపి రాయమని అక్కడి సంపాదకుడు చెప్పాడట. కాలిపోయిన ట్యూబుకూ, కన్నుమూసిన మనిషికీ లెక్క ఒకటే కావడం వినడానికి బాగుండదు. కానీ నిజం అదే.

ఇక టాటా బొమ్మకు వద్దాం. మాత్రల గుంపు గీత కింద ఉంది, ఇంజెక్షన్ కూడా తీసుకున్న గుంపు గీత పైన ఉంది. మధ్యలో ఖాళీ ఉంది. మన ఎమ్మిగనూరు కుర్రాడు అడిగింది ఈ ఖాళీ గురించే.

ఖాళీని రెండు రకాలుగా కొలవచ్చు. పన్నెండో నెల దగ్గర స్కేలు నిలువుగా పెట్టండి. కింది గీత 16.3 దగ్గర తగులుతుంది, పై గీత 43.4 దగ్గర. అంటే ఏడాది గడిచేసరికి మాత్రలే వేసుకున్నవాళ్లలో నూటికి పదహారు మంది, ఇంజెక్షన్ కూడా తీసుకున్నవాళ్లలో నూటికి నలభై మూడు మంది ఉన్నారు. తేడా 27 మంది. చాలా పెద్ద తేడా అనిపిస్తుంది.

ఇప్పుడు స్కేలును 50 దగ్గర అడ్డంగా పెట్టండి. కింది గీత 6.7 నెలల దగ్గర తగులుతుంది, పై గీత 10.1 నెలల దగ్గర. దీన్ని మీడియన్ అంటారు, సగం మంది మిగిలిన కాలం. తేడా మూడున్నర నెలలు కూడా లేదు. ఇంతేనా అనిపిస్తుంది.

బొమ్మ ఒకటే, మనుషులు వాళ్లే. మందు అమ్మేవాడు మొదటి అంకె చెప్తాడు, పెదవి విరిచేవాడు రెండోది చెప్తాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. అందుకే నాకు ఒక్క అంకెతో వచ్చే వార్త మీద గురి తక్కువ. ఆ కుర్రాడికి డాక్టరు చెప్పాల్సింది రెండు అంకెలూ. 10.1 నెలలంటే వాళ్ల నాయన పది నెలలు బతుకుతాడని కాదు. ఆ గుంపులో సగం మంది అంతకు ముందే పోయారు, సగం మంది అంతకు మించి ఉన్నారు. వాళ్ల నాయన ఏ సగంలో ఉంటాడో గీత చెప్పదు.

ఈ ఖాళీ నిజమైనదేనా, లేక చీటీ వేసినప్పుడు గట్టివాళ్లంతా ఒకవైపు పడటం వల్ల వచ్చిందా? దానికి లాగ్‌ర్యాంక్ అనే పరీక్ష ఉంది. పేరు భయపెడుతుంది గానీ ఆలోచన తేలిక. ఒక చావు జరిగిన ప్రతిసారీ ఆగి, ఆ రోజుకు రెండు గుంపుల్లో ఎందరున్నారో చూస్తారు. ఒకవైపు ఆరుగురు, ఇంకోవైపు తొమ్మిది మంది ఉన్నారనుకోండి. మందుకు ఏ మహిమా లేకపోతే ఆ చావు మొదటి గుంపులో జరగడానికి పదిహేనింట ఆరు పాళ్లు, రెండో గుంపులో జరగడానికి తొమ్మిది పాళ్లు అవకాశం. మెట్టు మెట్టుకూ ఈ పాళ్లు కూడుకుంటూ పోయి, ఒక గుంపులో జరగాల్సినన్ని చావులు ఎన్ని, నిజంగా జరిగినవి ఎన్ని అని చివర్లో పోల్చి చూస్తారు.

ఇక్కడ మన ప్రాంతం మాట ఒకటి చెప్పుకోవాలి. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు 1948లో స్కోర్ టెస్ట్ అనే పద్ధతిని కనిపెట్టారు. రెండు మనుగడ గీతలను పోల్చే లాగ్‌ర్యాంక్ పరీక్ష, లోపలికి వెళ్లి చూస్తే ఆ స్కోర్ టెస్ట్ కుటుంబానిదే. రావు 1920లో పుట్టింది హడగలిలో, అప్పటి బళ్లారి జిల్లా. ఆదోని కూడా అప్పుడు బళ్లారి జిల్లాలోదే, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు గానీ ఇటు రాలేదు. ఆయన 2023లో, నూట రెండేళ్ల వయసులో కన్నుమూశారు.

టాటా అధ్యయనంలో ఖాళీని ఒకే అంకెగా చెప్పిన చోట 0.545 అని ఉంటుంది. దీన్ని హజార్డ్ రేషియో అంటారు. రెండు గుంపుల్లో సమాన సంఖ్యలో మనుషులు ఉన్నప్పుడు, మాత్రల గుంపులో వంద చావులు జరిగే వ్యవధిలో రెండో గుంపులో సుమారు యాభై ఐదు జరుగుతాయన్నమాట. పక్కనే 0.362 నుంచి 0.820 వరకు అని కూడా ఉంది. 151 మందితో చేసిన అధ్యయనం కాబట్టి అసలు సంగతి 36 కావచ్చు, 82 కావచ్చు, మధ్యలో ఏదైనా కావచ్చు. 82 అయినా వంద కంటే తక్కువే, అందుకే మందుకు గుణం ఉందన్నారు. ఎంత గుణం అన్నది మాత్రం అంత గట్టిగా తేలలేదు. ఏడాదికి 43.4 అన్న అంకెకూ అలాంటి అటూఇటూ ఉంది: 30.8 నుంచి 55.3 వరకు.

ఇలాంటి బొమ్మల కింద తరచూ చిన్న అంకెల వరుస ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని చూడరు. మూడో నెలకు, ఆరో నెలకు, తొమ్మిదో నెలకు ఒక్కో గుంపులో ఇంకా లెక్కలో ఎందరున్నారో అక్కడ రాస్తారు. నన్నడిగితే బొమ్మలో ముందు చూడాల్సింది అదే. గీత చివర చదునుగా, బల్లపరుపుగా సాగుతుంటే 'వీళ్లకు ఇక నయమైనట్టే' అనిపిస్తుంది. కింద చూస్తే అక్కడ మిగిలింది నలుగురో, ముగ్గురో అయి ఉంటారు. నలుగురు నాలుగు నెలలు క్షేమంగా ఉన్నంత మాత్రాన అది బల్లపరుపు నేల కాదు, తర్వాతి మెట్టు ఇంకా రాలేదంతే.

ఈ వరుసతో ఇంకో ఉపయోగం ఉంది. గీటుల సంగతి అక్కడే బయటపడుతుంది. గీత కొంచెమే దిగి, కింది అంకె మాత్రం బాగా తగ్గిందంటే, మధ్యలో చాలామంది చావు వల్ల కాక గీటుల వల్ల వెళ్లిపోయారన్నమాట. గీటులన్నీ ఒక రకం కావు. ఏ అధ్యయనంలోనూ అందరూ ఒకే రోజు చేరరు. ఒకాయన మొదట్లో చేరతాడు, ఇంకొకాయన ముగింపుకు ఆరు నెలల ముందు చేరతాడు. లెక్కలు మూసిన రోజున బతికే ఉన్న ఆ రెండో ఆయనకు ఆరో నెల దగ్గర గీటు పడుతుంది. ఆయన ఎక్కడికీ పోలేదు, చూసే సమయం అయిపోయింది, అంతే. ఈ గీటుల వల్ల హాని లేదు.

హాని చేసేవి వేరే ఉన్నాయి. మన పదిమందిలో నాలుగో నెలలో సుగ్గికి పోయిన మనిషి నిజంగా పని దొరికి, ఓపిక ఉండి వెళ్లాడా? లేక జబ్బు ముదిరి, బస్సెక్కే శక్తి లేక, చార్జీలకు డబ్బు లేక ఆసుపత్రికి రావడం మానేశాడా? మొదటిది నిజమైతే ఆయన మిగతావాళ్ల కంటే కాస్త గట్టివాడే. రెండోది నిజమైతే ఆయన చావుకు దగ్గరగా ఉన్న మనిషి, ఆయన్ను గీటుగా రాయడంతో గీత ఉండాల్సిన దానికంటే పైన నిలిచిపోయింది. మనం ఇందాక చూసిన 36.6 నిజానికి 20 అయి ఉండవచ్చు. గీతను చూసి ఈ రెండిట్లో ఏది జరిగిందో చెప్పలేం, రెండు గీటులూ ఒకేలా ఉంటాయి.

ఇది ఊహించి చెప్తున్న భయం కాదు. ఎక్కువగా ఆఫ్రికా దేశాల్లో, హెచ్ఐవి మందులు వాడుతూ ఆసుపత్రికి రావడం మానేసినవాళ్లను వెతికిన పదిహేడు అధ్యయనాలను 2009లో ఒకచోట చేర్చి చూశారు. ఆచూకీ దొరికినవాళ్లలో నూటికి దాదాపు నలభై మంది అప్పటికే చనిపోయి ఉన్నారు. రికార్డుల్లో వాళ్లంతా గీటులే.

అందుకే చదివేవాళ్లు అనుమానించాల్సిన చోటు ఒకటుంది. గీటులు చివర్లో గుంపుగా ఉంటే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. మొదటి రెండు మూడు నెలల్లోనే దండిగా ఉండి, అందులోనూ ఒక గుంపులోనే ఎక్కువగా ఉంటే ఆగి ఆలోచించాలి. ఒక మందు తట్టుకోలేక నీరసించినవాళ్లు ముందే తప్పుకున్నారేమో, మిగిలిన గట్టివాళ్లతో ఆ గీత పైన కనిపిస్తోందేమో. అప్పుడు రెండు గీతల మధ్య ఖాళీలో కొంత మందు మహిమ, కొంత మనుషులు జారిపోవడం వల్ల వచ్చింది. ఏది ఎంతో విడదీయడం కష్టం.

ఎమ్మిగనూరు అబ్బాయి విషయంలో నేను చూడమన్నది ఇంకొకటి. ఆ 151 మంది లేచి తిరుగుతూ, తమ పనులు చాలావరకు తాము చేసుకోగలిగిన స్థితిలో చేరినవాళ్లు. మంచం పట్టిన మనిషి ఆ రెండు గీతల్లో దేని మీదా లేడు. "మా నాయన ఇంకా నడుస్తాడు సార్, వీధి చివరిదాకా పోయొస్తాడు," అన్నాడు. ఆ మాట డాక్టరుకు చెప్పమన్నాను. పోల్చింది మాత్రలతోనే గాని నివోలుమాబ్ పూర్తి మోతాదుతో కాదన్నది కూడా అడిగి తెలుసుకొమ్మన్నాను.

జారిపోయినవాళ్లను వెతకడానికి మంచి అధ్యయనాల్లో మనుషులను పెడతారు. చేరిన రోజునే రోగి నంబరుతో పాటు కొడుకుదో, పక్కింటివాళ్లదో, ఊళ్లో కిరాణా కొట్టుదో ఇంకో రెండు నంబర్లు రాసుకుంటారు. రావాల్సిన రోజున రాకపోతే ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతారు. కోసిగిలోనో, పెద్దకడబూరులోనో ఎవరో ఫోన్ ఎత్తి, "వాళ్లు గుంటూరు తట్టు పోయినారు, పండక్కి వచ్చింటే చూసినా, బాగానే ఉన్నాడు" అంటే, నాలుగో నెల దగ్గరి గీటు చెరిపేసి తొమ్మిదో నెల దగ్గర పెడతారు. "పోయినాడు కదప్పా, ఉగాదికి ముందే" అంటే ఆ గీటు స్థానంలో మెట్టు గీసి, అక్కడి నుంచి కుడివైపున్న మెట్లన్నీ మళ్లీ లెక్కవేస్తారు.